అంగట్లో చదివిన ఆస్పత్రి చీటీలు

తమిళనాడులోని ధర్మపురి బజారులో పప్పుల అంగడి కేశవన్ గొంతు ఎరగనివాళ్ళు లేరు. మనిషిని చూస్తే బక్కపలచన, గట్టిగా గాలి వీస్తే గోడ పట్టుకోవాల్సిన వాటం. కానీ లారీలో సరుకు దిగిన రోజు బిల్లు చేత్తో పట్టుకుని గడపలో నిలబడ్డాడంటే, ఎదురుగా ఉన్న పాత్రల కొట్టువాళ్ళకు కూడా ఆ పూట ఎన్ని మూటల కందిపప్పు వచ్చిందో, ఏ ధరకు వచ్చిందో తెలిసిపోతుంది. పోటీ వ్యాపారులు అతని ధరలు తెలుసుకోవడానికి మనిషిని పంపనక్కర్లేదని, కిటికీ తెరిచి కూర్చుంటే చాలని బజారులో ఒక వేళాకోళం ఉంది. అది విని కేశవన్ నొచ్చుకోడు సరికదా, కాస్త గర్వపడతాడు కూడా.

అది వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతి. ఒకరు చదవాలి, ఒకరు టిక్కు పెట్టాలి. చదివేవాడు మొదట కాగితం మీద పైన ఉన్న పేరు, తరువాత సరుకు, తరువాత లెక్క, ఆఖరున ధర చదవాలి. ఆ వరస తప్పకూడదు, గొంతు తగ్గకూడదు. లారీవాడు వినాలి, మూటలు దించేవాడు వినాలి, రేపు వచ్చి తక్కువైందని ఎవడూ పేచీ పెట్టకూడదు. ఈ ఊళ్ళో ఎన్నో తరాలుగా అంగళ్ళు పెట్టుకుని బతుకుతున్న తెలుగు కుటుంబం వాళ్ళది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరం ఒక్కటి కూడా చదవడం రాకపోయినా, ఈ చదివే పద్ధతి మాత్రం తాత నుంచి నాన్నకు, నాన్న నుంచి కేశవన్‌కు చెక్కుచెదరకుండా వచ్చింది.

టిక్కు పెట్టేది అతని భార్య యోగలక్ష్మి. పెళ్ళయిన మరుసటి ఏడాది మామగారు ఆమెను గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టి చేతికి ఎర్ర పెన్సిలు ఇచ్చాడు. అప్పటినుంచి ఆ చోటు ఆమెదే. కేశవన్ చదువుతూ చదువుతూ ఎక్కడైనా ఒక వరుస దాటేస్తే ఆమె నోటితో చెప్పదు, పెన్సిలుతో బల్ల మీద టక్కున తడుతుంది. అతను వెనక్కి తిరిగి చూడకుండానే దాటిన వరుసకు వచ్చి మళ్ళీ మొదటినుంచి, ఈసారి ఇంకాస్త గట్టిగా చదువుతాడు. ఒకరినొకరు చూసుకోకుండా ఇంత పొందికగా నడిచే సంసారం బజారు మొత్తంలో లేదని అందరూ అనేవాళ్ళు. నిజానికి వాళ్ళిద్దరి మధ్య జరిగే మాటల్లో సగం ఈ తట్టడం, మళ్ళీ చదవడమే.

యోగలక్ష్మికి రెండో కాన్పు తరువాత గర్భసంచి కొద్దికొద్దిగా జారింది. ఆడవాళ్ళు చాలామంది చేసే పనే ఆమె కూడా చేసింది, ఏళ్ళ తరబడి ఓర్చుకుంది. చివరికి దగ్గినా, గట్టిగా నవ్వినా మూత్రం ఆగని స్థితి వచ్చింది. పెళ్ళిళ్ళకు పోవడం మానేసింది. బస్సెక్కడం మానేసింది. గల్లాపెట్టె దగ్గర మాత్రం కూర్చోవడం మానలేదు, ఎందుకంటే ఆమె లోకంలో మిగిలిన చోటు అదొక్కటే. సంగతి మొగుడికి చెప్పడానికే ఆమెకు చాలాకాలం పట్టింది. చెప్పినప్పుడు ఒకే ఒక్క కోరిక కోరింది. వాడాల్సిన డైపర్లు ఈ బజారులో కొనవద్దు, ఇక్కడ మందుల షాపువాడు పలకరించే ప్రతి మనిషీ మన అంగడికి వచ్చేవాడే అంది.

కేశవన్ ఆ మాటను ఎంత శ్రద్ధగా పాటించాడో చెప్పుకోవాలి. వేరుశనగ కోసం బొమ్మిడి పోయినప్పుడల్లా స్టేషను దగ్గరున్న మందుల షాపులో కొనేవాడు. నల్ల కవర్లో పెట్టించి, దాన్ని గోనెసంచిలో దాచి, వేరుశనగ నమూనా తెచ్చినట్టు ఇంటికి తెచ్చేవాడు. అడిగినవాళ్ళకు ఆమెకు కిడ్నీలో రాయి ఉందని చెప్పాడు. సేలంలో ఆపరేషను చేసి గర్భసంచి తీసేసి, జారిన మూత్రాశయాన్ని పైకి కట్టినప్పుడు కూడా బజారుకంతా తెలిసింది రాయి తీశారనే. భార్య పరువు ఇంత జాగ్రత్తగా కాపాడే మొగుడు తానేనని అతని మనసులో కొంచెం గర్వం ఉండేది.

ఆ సేలం ఆస్పత్రి ఇన్సూరెన్సు కంపెనీ జాబితాలో లేదు. అందుకని ముందు మనమే డబ్బు కట్టి, తరువాత బిల్లులు పంపి తెప్పించుకోవాలి. పాలసీ యోగలక్ష్మి పేరు మీద నాలుగేళ్ళ కిందట ఆనంద్‌బాబు కట్టించాడు. ఆనంద్‌బాబు వరసకు మేనల్లుడు, నిదానస్తుడు, సేలం రోడ్డులో చిన్న గది పెట్టుకుని ఇన్సూరెన్సు పనులు చూస్తాడు. ఇలాంటి ఆపరేషనుకు మొదటి రెండేళ్ళు కంపెనీ ఇవ్వదని, ఆ గడువు ఎప్పుడో దాటింది కాబట్టి భయం లేదని ధైర్యం చెప్పింది అతనే. ప్రతి బిల్లు మీదా రోగి పేరు ఉండాలని, డాక్టరు చీటీ లేని మందుకు డబ్బు రాదని, అన్నీ అసలు కాగితాలే కావాలని కూడా చెప్పాడు. కేశవన్ అది విన్న రోజునుంచి బొమ్మిడి మందుల షాపులో కూడా యోగలక్ష్మి పేరు అడిగి మరీ రాయించాడు. కొన్నదానికి చీటీ, చీటీ మీద పేరు. వ్యాపారి బిడ్డ కదా, ఒక్క తుండు కాగితం పారేయలేదు.

ఇంటికి వచ్చి నెల కావస్తోంది. కాగితాలు ఇవ్వాల్సిన గడువు దగ్గరపడింది. యోగలక్ష్మి అప్పటికి మధ్యాహ్నం పూట ఒకటి రెండు గంటలు అంగట్లోకి వచ్చి మెత్త వేసుకుని కూర్చుంటోంది. ఒకరోజు బేరాలు లేని వేళ చూసి కేశవన్ ఆస్పత్రి చీటీలున్న గుడ్డసంచి తెచ్చి బల్ల మీద గుమ్మరించాడు. ఇంట్లో చూసుకుందామని ఆమె అంది. ఇంట్లో ఎప్పుడు కుదిరింది, ఇక్కడైతే రెండు చేతుల పని, అరగంటలో తేలిపోతుందని అతను అన్నాడు. ఆమె పెన్సిలు తీసుకుంది. అలవాటైన చెయ్యి కదా.

మొదట ఆస్పత్రి పెద్ద బిల్లు. గది అద్దె, నర్సింగు, ఆపరేషను థియేటరు, సర్జను ఫీజు, మత్తు డాక్టరు ఫీజు. వీటిని అతను మామూలు గొంతుతోనే చదివాడు. తరువాత రక్తపరీక్షలు, స్కానింగు. వాటిని పక్కన ఇంకో కుప్ప వేశాడు. తరువాత మందుల చీటీలు. మందుల పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి, అతనికి ఇంగ్లీషు అక్షరం అక్షరం కూడబలుక్కుంటే గానీ రాదు. కూడబలుక్కోవడానికి గొంతు కావాలి. మూడో చీటీకల్లా ఆ పాత లయ పట్టేసింది. పైన పేరు, తరువాత సరుకు, లెక్క, ధర. ఎదుట ఉన్నది ఆస్పత్రి కాగితమా, పప్పుల బిల్లా అన్న తేడా అతని చెవికి తెలియకుండా పోయింది.

అప్పుడే హొగేనక్కల్‌లో చేపలు వేయించి అమ్మే మాదేశ్వరి కారప్పొడికోసం వచ్చింది. నెలకు రెండుసార్లు వచ్చి మూటకట్టుకు పోయే పాత ఖాతాదారు. వెనకే హమాలీలు ఇద్దరు నీడకోసం గడపలో చేరారు. పాత్రల కొట్టు అన్నామలై చిల్లరకని వచ్చి నిలబడ్డాడు. ఒక్క నిమిషం అన్నట్టు కేశవన్ వాళ్ళకు చెయ్యి చూపించి, చేతిలో ఉన్న చీటీ చదివాడు.

"యోగలక్ష్మి. అడల్ట్ డైపర్. లార్జ్. మూడు ప్యాకెట్లు."

పెన్సిలు బల్ల మీద టక్కుమంది.

ఆమె ఆపమని తట్టింది. అతనికి మాత్రం ఆ చప్పుడుకు ఒకటే అర్థం తెలుసు. వరుస ఎక్కడో దాటేశానని అనుకున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు, ఎప్పుడూ చూడడు. మళ్ళీ పైనుంచి మొదలుపెట్టి, లారీవాడికి వినిపించే గొంతుతో, ఒక్కొక్క మాటా విడదీసి చదివాడు.

"యోగలక్ష్మి. అడల్ట్ డైపర్. లార్జ్. మూడు ప్యాకెట్లు."

ఈసారి పెన్సిలు చప్పుడు రాలేదు. ధర చదవబోయి తలెత్తితే అన్నామలై పైకప్పు వైపు చూస్తున్నాడు. హమాలీల్లో ఒకడు రెండోవాణ్ణి మోచేత్తో పొడిచాడు. కేశవన్ తిరిగి చూసేసరికి యోగలక్ష్మి పెన్సిలు బిల్లుల మీద అడ్డంగా పెట్టి లేచింది. ఆపరేషను అయిన మనిషి, గబగబా నడవలేదు. గల్లాపెట్టె నుంచి వెనక తలుపు దాకా ఉన్న ఆ కాస్త దూరం అందరూ చూస్తుండగా మెల్లగా నడిచి వెళ్ళింది.

మాదేశ్వరి మంచి మనిషి. ఆ మంచితనమే కేశవన్‌ను కాల్చింది. ఆమె తమిళంలో, మామూలు గొంతుతోనే, తన అక్కకు కూడా ఇదే బాధ ఉండేదని, ఆపరేషను తరువాత తగ్గిందని, యోగలక్ష్మిని కుంగిపోవద్దని చెప్పమని అంది. కిడ్నీలో రాయి సంగతి ఆమె ఎత్తలేదు. కేశవన్ సరే సరే అంటూ కారప్పొడి తూచాడు. రెండుసార్లు తక్కువ తూచాడు. అంగట్లో కూర్చున్న ఇన్నేళ్ళలో అతని త్రాసు అలా తడబడలేదు.

మరునాడు యోగలక్ష్మి అంగడికి రాలేదు. ఆ మరునాడూ రాలేదు. ఇంట్లో వంట చేసింది, వడ్డించింది, అడిగినదానికి జవాబు చెప్పింది. కోప్పడి ఉంటే అతనికి నిమ్మళంగా ఉండేది. మాటకు మాట చెప్పి తప్పించుకోవడానికి ఆమె ఒక్క మాట కూడా అందించలేదు. అలసటేమోలే అని తనకు తానే రెండు రోజులు చెప్పుకున్నాడు. మూడోరోజు అది చెప్పుకోవడం కూడా సిగ్గనిపించింది. గల్లాపెట్టె దగ్గర ఖాళీగా ఉన్న మెత్తను చూసి వచ్చినవాళ్ళు ఆమె గురించి అడగడం మానేశారు. వాళ్ళు అడగకపోవడమే అతనికి ఎక్కువ కష్టంగా ఉంది.

గడువు ఆగదు కాబట్టి సంచి తీసుకుని ఆనంద్‌బాబు దగ్గరికి వెళ్ళాడు. ఆనంద్‌బాబు కాగితాలన్నీ బల్ల మీద పరిచి, నోరు మెదపకుండా వేలితో చూసుకుంటూ విడదీయడం మొదలుపెట్టాడు. ఆస్పత్రిలో ఉన్న రోజుల బిల్లు ఒకపక్క, దాని వెనక డిశ్చార్జి కాగితం. పరీక్షల బిల్లులు ఒకపక్క, ఒక్కొక్కదానికి దాని రిపోర్టు గుచ్చాడు. మందుల చీటీలను మళ్ళీ మూడుగా చేశాడు. చేరకముందు ముప్పై రోజుల్లో కొన్నవి, ఆస్పత్రిలో ఉండగా కొన్నవి, ఇంటికొచ్చాక కొన్నవి. ప్రతి చీటీ వెనకా ఆ మందు రాసిన డాక్టరు చీటీ వెతికి పెట్టాడు. ఇంటికొచ్చాక అరవై రోజులదాకా వాడే మందులకు కూడా ఇస్తారని, వాటిని తరువాత పంపవచ్చని చెప్పాడు. ఇంత పని ఇంత చప్పుడు లేకుండా జరగవచ్చని కేశవన్‌కు అంతవరకు తెలియదు.

ఆనంద్‌బాబు ఒకచోట ఆగి, ఇంజెక్షన్లు ఇన్ని కొన్నట్టు ఉంది, వాడింది తక్కువ, మిగిలినవి షాపులో వాపసు ఇచ్చి ఉంటారు కదా, ఆ చీటీ ఏదని అడిగాడు. ఆ చీటీ కేశవన్ జేబులోనే ఉంది. పెడితే వచ్చే డబ్బు తగ్గుతుందని తీసి దాచాడు. అది లేకపోతే కంపెనీవాళ్ళు మిగతా చీటీలను కూడా అనుమానిస్తారని ఆనంద్‌బాబు మెత్తగా చెప్పాడు. కేశవన్ జేబులోంచి తీసి ఇచ్చాడు. డబ్బు తగ్గించే కాగితాన్ని దాచడానికి ఇంత ఆలోచన చేసిన బుర్ర, దాచాల్సిన కాగితాన్ని ఎందుకు దాచలేదన్న మాట తళుక్కున తట్టింది.

చివరికి ఆనంద్‌బాబు కొన్ని చీటీలు ఏరి బల్ల చివరికి నెట్టాడు. థర్మామీటరు, సీసా నీళ్ళు, తోడున్నవాళ్ళ భోజనం, కట్టు కట్టే సాగే గుడ్డ, వాటితో పాటు బొమ్మిడి చీటీలు ఉన్నవన్నీ. ఆ బొమ్మిడివి మాత్రం రాతవైపు కిందికి ఉండేలా బోర్లా పెట్టాడు.

"ఇవి ఏల తెచ్చినారు మామా? వీటికి దుడ్డు రాదు."

"రాదంటే? కొంచెమన్నా ఇయ్యరా?" వ్యాపారి నోరు బుద్ధి కంటే ముందు కదిలింది.

"ఇయ్యరు. డైపరు ఏ రకమైనా సరే, లెక్కలోకే రాదు. ఇవి పెట్టకనే పోవచ్చు."

కేశవన్ ఆ బోర్లా పడి ఉన్న చీటీల వంక చూశాడు. అన్నీ చూపిస్తే అవతలివాడు తగ్గించుకోవాల్సింది తగ్గించుకుంటాడు, మనం మాత్రం ఏదీ వదలకూడదన్నది అతని వ్యాపారం. పైసా రాని కాగితాలు అవి. చదవనక్కర్లేని కాగితాలు, టిక్కు పెట్టనక్కర్లేని కాగితాలు. కనీసం వాటికి డబ్బు వచ్చి ఉంటే, ఆమెను నలుగురిలో నిలబెట్టినందుకు చెప్పుకోవడానికి ఒక చెత్త కారణమైనా ఉండేది. ఇప్పుడు అదీ లేదు. ఆనంద్‌బాబు క్లెయిమ్ ఫారం నింపి, పాలసీ అత్త పేరున ఉంది కాబట్టి ఆమె సంతకం తెండని చేతికిచ్చాడు. బొమ్మిడి చీటీలు వాపసు తీసుకుని చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, కేశవన్ ఎవరి ముఖమూ చూడకుండా బజారు దాటి ఇంటికి నడిచాడు.

యోగలక్ష్మి వంటింటి గడపలో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. ఫారం ఆమె ముందు పెట్టి సంతకం కావాలన్నాడు. ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని కలం తీసుకుంది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. డబ్బు రాని సంగతి ఆమెకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఆ సంగతి దాచుకుని తిరగడం తనవల్ల కాదని కేశవన్‌కు అర్థమైంది.

"డైపర్లకు రాదంట" అన్నాడు. "ఆ చీటీలు పెట్టకనే పోవచ్చంట."

ఆమె సంతకం చేయబోతూ ఆగింది. "అంటే చదవకనే పోవచ్చు."

"అవును."

ఆమె చింతపండు గంప పక్కకు జరిపింది. అతను నిలబడే ఉన్నాడు. కూర్చోవడానికి ధైర్యం చాలలేదు.

"నువ్వు తట్టినావే, నేను వరస తప్పినానని అనుకొంటిని" అన్నాడు.

"తెలుసు. అట్లనే అనుకొంటారని తట్టినాక తెలిసె. నాకు ఆపమని చెప్పను ఇంకో దారి రాలే. అందుకే మీ మీద కోపం నిలవలే." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "పెండ్లయినప్పటినుంచి అంగట్లో నన్ను ఏమే అంటారు, ఇదో అంటారు. మీ నాయన అట్ల, మా నాయనా అట్లనే, పెండ్లాం పేరు నలుగురిలో చెప్పరు. నా పేరు ఆ బజార్లో మీ నోట వచ్చింది ఆ పొద్దే. ఆ డైపరుతో జతగా వచ్చె. అదీ రెండుసార్లు."

ఆ మాట చెప్పి ఆమె ఫారం మీద సంతకం చేసింది. తమిళ అక్షరాల్లో, విడివిడిగా, బడిపిల్లలా రాసే సంతకం. కాగితం అతని చేతికిచ్చి మళ్ళీ గంప దగ్గరికి లాక్కుంది. రేపు అంగడికి వస్తావా అని అడగడానికే అతను అంతసేపు నిలబడ్డాడు. అడగడానికి తనకు హక్కు లేదనిపించింది.

క్షమించమని చెప్పాలనుకున్నాడు. ఈ ఒక్కసారైనా ఆమెను పేరు పెట్టి పిలిచి, మెల్లగా, ఆమెకు మాత్రమే వినబడేలా చెప్పాలనుకున్నాడు. పెదవులు కదిలాయి. కానీ అంగట్లో రెండుసార్లు అరిచిన ఆ పేరు, ఇంట్లో ఆమె ఎదుట, అతని నోటికి రాలేదు.